నడుస్తూ తీసిన షాట్‌లో బోర్డు మీద పెట్టిన పేరు జారిపోతోంది

దిల్‌సుఖ్_వీడియోవాలా

దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా తెరవబోయే ఒక చీరల దుకాణానికి ప్రారంభోత్సవ వీడియో చేస్తున్నాను. దుకాణం ముందు ఏసీపీ బోర్డు బిగించారు గానీ దాని మీద పెట్టాల్సిన అక్షరాలు ఇంకా తయారై రాలేదు. బోర్డు తెల్లగా, ఖాళీగా ఉంది. శ్రావణ శుక్రవారానికి వీడియో బయటికి రావాలని యజమాని పట్టుబట్టడంతో, పేరును కంప్యూటర్‌లోనే పెట్టి ఇస్తానని మాట ఇచ్చాను. ఇప్పుడు ఆ మాటే మెడకు చుట్టుకుంది.

షాట్ 12 సెకన్లు, సెకనుకు 30 ఫ్రేములు, అంటే మొత్తం 360. ఉదయం ఏడింటికి ఫోన్‌తో 4కెలో తీశాను. మెట్రో పిల్లర్ పక్కన మొదలుపెట్టి, కొంచెం కుడివైపుకు ఏటవాలుగా నడుస్తూ దుకాణం గుమ్మం దాకా వెళ్లాను. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో 3D Camera Tracker వేస్తే `Average Error` 2.8 పిక్సెళ్లు చూపించింది. తెల్లటి బోర్డు మీద ఒక్క పాయింటు కూడా పడలేదు కాబట్టి, దాని కింద గోడ మీద, షట్టర్ మీద ఉన్న పాయింట్లను ఎంచుకొని అక్షరాలు పెట్టి, పైకి జరిపి బోర్డు మీదకు తెచ్చాను.

మొదటి రెండు మూడు సెకన్లు పేరు బోర్డుకు అతికించినట్టే ఉంటుంది. దగ్గరికి వెళ్లే కొద్దీ మెల్లగా కుడివైపుకు జరుగుతూ, చివరికి బోర్డు అంచు దాటిపోతుంది. అయిదో సెకనులో ఒక ఆటో అడ్డం వచ్చినప్పుడు పేరు మొత్తం ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. ఇవి చాలవన్నట్టు నా అడుగు పడినప్పుడల్లా అక్షరాలు నీళ్లలో నీడలాగా కదులుతున్నాయి. నాలుగుసార్లు మళ్లీ మొదటినుంచి చేశాను, నాలుగుసార్లూ ఇదే. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఫ్లెక్సీ_బాబాయ్

ఒక ఫ్లెక్సీ కొట్టించి ఆ బోర్డుకు కట్టి షూట్ చేసి ఉంటే ఈపాటికి చాయ్ తాగుతూ ఉండేవారు. అది సరే, ఫోన్ తెర చూసుకుంటూ ఆ మెయిన్ రోడ్డు దాటిన మీ ధైర్యానికి మాత్రం దండం పెట్టాలి.

మోకా_మోహనం

కెమెరా ట్రాకర్ ఈ పనికి తగిన పనిముట్టే కాదు. బోర్డు అంటే చదునైన తలం. చదునైన తలానికి మోకా ఉంది, అది ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తోపాటే వస్తుంది. బోర్డు ఖాళీగా ఉందంటున్నారు కాబట్టి దాని కింద ఉన్న గోడను ట్రాక్ చేయండి, ఆ ట్రాక్‌ను బోర్డుకు వాడుకోండి. రెండూ ఒకే దుకాణం ముఖం కదా. పది నిమిషాల పని.

పెళ్లిపందిరి_ఫొటోస్

నాకూ ఇదే ఇబ్బంది వచ్చింది. పోయిన నెల ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురి తండ్రి నడిచి వస్తుంటే ఆయన పక్కన పేరు తేలుతూ వెంట రావాలని అడిగారు. నేను ఆయన జేబులో ఉన్న పెన్ను మీద ఒక్క పాయింటు పెట్టి ట్రాక్ చేసి, పేరును దానికి తగిలించాను. చక్కగా వచ్చింది. మీరూ బోర్డు మూల మీద ఒక్క పాయింటు పెట్టి చూడండి, ఇన్ని తంటాలు అక్కర్లేదు.

కృష్ణానగర్_కంపోజిటర్

పెళ్లిపందిరి గారూ, మీ పని వేరు, ఆయన పని వేరు. మీ పేరు మనిషి పక్కన గాల్లో తేలుతోంది, కాబట్టి దాని చోటు కుదిరితే చాలు. ఆయన పేరు ఒక వస్తువు మీద అచ్చువేసినట్టు ఉండాలి. కెమెరా దగ్గరికి వెళ్తే అక్షరం పెద్దది కావాలి, ఏటవాలుగా నడిస్తే ఒకవైపు కుంచించుకుపోవాలి. ఒక్క పాయింటుకు చోటు తెలుస్తుంది గానీ పరిమాణం, వంపు తెలియవు.

వీడియోవాలా గారూ, మీరు ఒక్క సమస్య అనుకొని రాసినది నిజానికి మూడు వేర్వేరు సమస్యలు. మెల్లగా జారడం ఒకటి, ఆటో దగ్గర ఎగిరిపడటం ఇంకొకటి, అడుగు అడుగుకూ అల్లాడటం మూడోది. మూడింటికీ మూడు కారణాలు ఉంటాయి. నాలుగుసార్లు మొదటినుంచి చేసినా మారకపోవడానికి కారణం కూడా అదే కావచ్చు. ముందు నాకు మూడు సంగతులు చెప్పండి. బోర్డు గోడకు ఆనుకొని ఉందా, ముందుకు వచ్చి ఉందా? ఫోన్‌లో స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉందా? గింబల్ వాడారా?

దిల్‌సుఖ్_వీడియోవాలా

బోర్డు ఇనుప ఫ్రేము మీద బిగించారు. గోడకంటే సుమారు ఒక అడుగు ముందుకు ఉంటుంది. స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంది, అది ఉంటేనే కదా నడక సాఫీగా వస్తుంది. గింబల్ లేదు, చేత్తోనే పట్టుకున్నాను.

కృష్ణానగర్_కంపోజిటర్

అయితే మొదటి సమస్యకు జవాబు దొరికినట్టే. మీరు పేరును బోర్డు మీద పెట్టలేదు, బోర్డు వెనక ఉన్న గోడ మీద పెట్టారు. పైకి జరిపినప్పుడు అది గోడ తలంలోనే పైకి వెళ్లింది. మొదటి ఫ్రేములో చూస్తే రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నట్టే కనిపిస్తాయి, ఎందుకంటే దూరం నుంచి ఒక అడుగు తేడా కంటికి ఆనదు. దగ్గరికి వచ్చాక ఆ అడుగే బయటపడుతుంది.

గుర్తుపట్టడానికి ఒక సులువు చెబుతాను. మీరు నడిచిన వైపుకే అక్షరం జారితే అది ఉండాల్సిన చోటుకంటే వెనక ఉన్నట్టు, ఎదురువైపుకు జారితే ముందుకు వచ్చి ఉన్నట్టు. మీరు కుడికి నడిచారు, పేరు కుడికి జారింది. రైలు కిటికీలోంచి చూసినప్పుడు దూరపు కొండ మనతోపాటే వస్తున్నట్టు అనిపించడం ఇలాంటిదే.

మోహనం గారు చెప్పిన గోడ ట్రాక్‌లోనూ సరిగ్గా ఇదే తప్పు ఉంది. దుకాణం ముఖం ఒకటే కావచ్చు, తలాలు రెండు.

లెక్కల_పంతులమ్మ

కుతూహలం కొద్దీ లెక్క వేసి చూశాను. నేను వీడియోలు చేసేదాన్ని కాదు, మా అబ్బాయి కోసం ఇక్కడికి వచ్చి చదువుతుంటాను, కాబట్టి తప్పుంటే దిద్దండి. కెమెరా పక్కకు X మీటర్లు జరిగితే, Z1 దూరంలోని వస్తువుకూ Z2 దూరంలోని వస్తువుకూ మధ్య తెర మీద కనిపించే తేడా ఇంత ఉంటుంది:

```
తేడా = f × X × (1/Z1 − 1/Z2)
```

ఇందులో f అనేది పిక్సెళ్లలో కొలిచిన నాభ్యంతరం. ఫోన్ ప్రధాన లెన్సును 26 మిల్లీమీటర్లకు సమానమని తీసుకుంటే, 1920 పిక్సెళ్ల వెడల్పు చిత్రానికి అది సుమారు 1387 వస్తుంది. బోర్డు గోడకు 30 సెంటీమీటర్లు ముందుంది. గోడ 15 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మీరు పక్కకు 2 మీటర్లు జరిగితే తేడా దాదాపు 4 పిక్సెళ్లు. గోడ 6 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు అదే 2 మీటర్లకు 24 పిక్సెళ్లు. దూరం రెండున్నర రెట్లు తగ్గితే జారుడు ఆరు రెట్లు పెరిగింది. మొదట్లో అంటుకున్నట్టు ఉండి చివర్లో ఎందుకు తేలిపోతోందో ఈ లెక్కే చెబుతోంది.

దిల్‌సుఖ్_వీడియోవాలా

అమ్మా, నేను విశ్లేషణ చేస్తున్నది 3840 వెడల్పు ఉన్న ఫుటేజ్ మీద. అంటే మీ 24 కాస్తా 48 అవుతుంది. చివర్లో నాకు కనిపిస్తున్న జారుడు ఇంకా ఎక్కువే, ఎందుకంటే నేను గుమ్మానికి మూడు మీటర్ల దాకా వెళ్లిపోయాను.

లెక్కల_పంతులమ్మ

నిజమే, 4కె అన్న సంగతి చూసుకోలేదు. ఇంకొక్క మాట. పేరు పక్కకు జారడమే కాదు, బోర్డుతో పోలిస్తే కొంచెం చిన్నది కూడా అవుతూ ఉండాలి. గోడ 15 మీటర్ల నుంచి 6 మీటర్లకు వచ్చేసరికి గోడ తలంలోని అక్షరం 2.5 రెట్లు పెరిగితే బోర్డు 2.58 రెట్లు పెరుగుతుంది. మీ వీడియోలో అలా అవుతోందా?

దిల్‌సుఖ్_వీడియోవాలా

అవుతోంది. పేరుకు రెండువైపులా వదిలిన తెల్ల జాగా చివరికి పెరిగినట్టు ఉంది. కంటి భ్రమ అనుకున్నాను.

మోకా_మోహనం

గోడ విషయంలో నాది తొందరపాటు, ఒప్పుకుంటున్నాను. బోర్డు గోడకు అతికించి ఉంటుందనుకున్నాను. కానీ మోకా వద్దన్న మాటను మాత్రం ఒప్పుకోను. బోర్డు మధ్యభాగం ఖాళీ కావచ్చు, దాని అంచులు ఖాళీ కావు కదా. తెల్ల షీటు ఎక్కడ ఆగిపోయి వెనకటి గోడ మొదలవుతుందో ఆ గీత, మూలలు, ఇనుప చట్రం, ఇవన్నీ బోర్డు తలంలోనే ఉన్నాయి. గీసే ఆకారాన్ని బోర్డు అంచుకు కొంచెం బయటగా, ఆ అంచు లోపలికి వచ్చేట్టు గీస్తే చాలు.

ఉచితసాఫ్ట్‌వేర్_ఉప్పల్

బ్లెండర్‌లో అయితే పాయింట్లను మనమే చేత్తో ఎంచుకుంటాం కాబట్టి ఆటో మీద పాయింటు పడే సమస్యే రాదు. కనీసం ఎనిమిది మార్కర్లు కావాలి, నేను ఇరవై దాకా పెడతాను. మెట్రో పిల్లర్ మూల, డివైడర్ మీద పెయింటు, బోర్డు నాలుగు మూలలు, వీటిని ఫ్రేము ఫ్రేముకూ చూసుకుంటూ వెళ్తే `Solve Error` 0.5 కిందికి వస్తుంది. పైసా ఖర్చు లేదు.

పెళ్లిపందిరి_ఫొటోస్

ఇరవై మార్కర్లను 360 ఫ్రేములు చూసుకుంటూ కూర్చుంటే శ్రావణ శుక్రవారం కాదు, వచ్చే శ్రావణమే వస్తుంది.

కృష్ణానగర్_కంపోజిటర్

ఆటో సంగతికి వస్తాను. కెమెరా ట్రాకర్ ప్రపంచమంతా కదలకుండా ఉందని, కెమెరా ఒక్కటే కదులుతోందని నమ్ముతుంది. ఆటో మీద పడిన ముప్పై పాయింట్లు ఎడమకు పరుగెత్తితే అది ఆటో కదిలిందని అనుకోదు, కెమెరానే కుడికి ఎగిరిందని కొంత మొగ్గు చూపుతుంది. మీ పేరు ఎగిరిపడటం అందుకే. అద్దాల తలుపు మీద పడిన పాయింట్లదీ ఇదే కథ. అద్దంలో కనిపించే పిల్లర్ ప్రతిబింబం అద్దం మీద ఉండదు, అద్దం వెనక ఎక్కడో ఉన్నట్టు కదులుతుంది. ట్రాకర్ దాన్నీ నిజమైన వస్తువే అనుకుంటుంది.

ఎఫెక్ట్‌ను ఎంచుకొని అయిదో సెకనుకు వెళ్లండి. ఆటో మీద ఉన్న పాయింట్లన్నిటినీ మౌస్‌తో చుట్టి `Delete` నొక్కండి. `Advanced` కింద `Auto-delete Points Across Time` టిక్ అయి ఉంటే ఆ పాయింట్లు మిగతా ఫ్రేముల్లోనూ పోతాయి. తీసివేసిన వెంటనే అది కెమెరాను మళ్లీ లెక్కకడుతుంది. ఆ తర్వాత అద్దం మీదివి, రోడ్డు మీద నడుస్తున్న మనుషుల మీదివి తీసేయండి. ఒక్కొక్క గుంపు తీసినప్పుడు `Average Error` తగ్గుతోందో లేదో చూడండి.

అయితే ఆ అంకెను గుడ్డిగా నమ్మకండి. 4కెలో 2.8 అంటే హెచ్‌డీలో 1.4తో సమానం, కాబట్టి మీరు భయపడినంత చెడ్డది కాదు. అంకె బాగా తగ్గినా పేరు జారుతూనే ఉండవచ్చు, ఎందుకంటే ఆ అంకె కెమెరా ఎంత బాగా దొరికిందో చెబుతుందే తప్ప, మీరు పేరును సరైన లోతులో పెట్టారో లేదో దానికి తెలియదు.

బోర్డు లోతు కోసం చివరి సెకన్లకు వెళ్లండి. దగ్గర నుంచి బోర్డు మూలలు, చట్రం బోల్టులు పెద్దగా కనిపిస్తాయి, అక్కడ పాయింట్లు ఉంటాయి. కనీసం మూడు ఎంచుకుంటే ఎర్రటి గుండ్రటి గురి కనిపిస్తుంది. అది బోర్డుతో సమానంగా వాలి ఉండాలి, పక్కకు తిరిగి ఉంటే పాయింట్లలో ఒకటి వేరే తలానిదని అర్థం. అది కుదిరాక కుడి క్లిక్ చేసి `Create Null and Camera` ఎంచుకోండి, అక్షరాలను ఆ నల్ చోటులో పెట్టండి.

దిల్‌సుఖ్_వీడియోవాలా

ఆటో, రెండు బైకులు, పాల క్యాన్లతో వెళ్తున్న ఒకాయన, అద్దాల తలుపు, అన్నీ తీసేశాను. 2.8 కాస్తా 1.3కు దిగింది. ఎగిరిపడటం పోయింది. బోర్డు పైఅంచు మీద రెండు, కింది కుడి మూలలో ఒకటి పాయింట్లు దొరికాయి. వాటితో నల్ పెట్టాక జారుడు కూడా చాలావరకు ఆగింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను.

మిగిలింది అల్లాడటం. ప్రతి అడుగుకూ పేరు ఒక మూడు నాలుగు పిక్సెళ్లు అటూ ఇటూ ఊగుతోంది. ఇది ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండకపోవడం వల్ల అని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

ఉచితసాఫ్ట్‌వేర్_ఉప్పల్

మీ మిత్రుడు చెప్పింది నిజమే అయి ఉంటుంది. ఫోన్లు ఫ్రేమ్ రేటును పెంచుతూ తగ్గిస్తూ రికార్డు చేస్తాయి. ముందు దీన్ని నడిపించి చూడండి:

```
ffmpeg -i shot.mp4 -vf fps=30 -c:v prores_ks -profile:v 3 -c:a pcm_s16le shot.mov
```

కృష్ణానగర్_కంపోజిటర్

ఆ మార్పిడి ఎప్పుడూ మంచిదే, పని మొదలుపెట్టేముందు నేనూ చేస్తాను. కానీ ఫ్రేమ్ రేటు తేడా వల్ల వచ్చే తప్పు ఎక్కడో ఒక ఫ్రేము దగ్గర చటుక్కున కనిపించి పోతుంది. అడుగుల తాళానికి అనుగుణంగా ఊగదు. తాళం అడుగులదైతే దొంగ స్టెబిలైజేషనే.

ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ చేసేది ఏమిటంటే, సెన్సార్ మీద పడిన పెద్ద చిత్రంలోంచి ప్రతి ఫ్రేముకూ ఒక చిన్న ముక్కను వేర్వేరు చోట్ల కత్తిరించి, అవసరమైతే సాగదీసి ఇస్తుంది. మనకు నడక సాఫీగా కనిపిస్తుంది. ట్రాకర్‌కు మాత్రం లెన్సు మధ్యబిందువు చిత్రం మధ్యలోనే ఉందన్న నమ్మకం ఉంటుంది, ఆ నమ్మకం ప్రతి అడుగుకూ తప్పవుతుంది. అలాంటి కదలికను చేయగల కెమెరా లోకంలో లేదు కాబట్టి, ట్రాకర్ దగ్గరగా ఉన్న ఏదో ఒక జవాబుతో సరిపెట్టుకుంటుంది. ఆ సరిపెట్టుకోవడమే మీకు కనిపించే ఊగులాట.

దీనికి తోడు ఫోన్ సెన్సార్ చిత్రాన్ని పైనుంచి కిందికి వరుసలు వరుసలుగా చదువుతుంది. పాదం నేలను తాకిన కుదుపులో పై వరుసలకూ కింది వరుసలకూ మధ్య ఫోన్ కొంచెం కదిలిపోతుంది. అందుకే ఆ ఫ్రేముల్లో పిల్లర్ నిటారుగా కాక వాలినట్టు కనిపిస్తుంది. అడుగు పడిన ఫ్రేమును ఆపి పిల్లర్ అంచుకు ఒక గైడ్ గీత పెట్టి, రెండు ఫ్రేముల తర్వాత మళ్లీ చూడండి.

సరైన మార్గం స్టెబిలైజేషన్ ఆపి తీయడం, ట్రాక్ చేసి పేరు పెట్టడం, ఆ తర్వాత అంతటినీ ప్రీకంపోజ్ చేసి అప్పుడు స్థిరపరచడం. అలా చేస్తే పేరూ బోర్డూ కలిసే కదులుతాయి. ఫోన్‌లో దొరికే కెమెరా యాప్‌లో ఆపే వీలు లేకపోతే, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి యాప్‌లో ఉంటుంది.

దిల్‌సుఖ్_వీడియోవాలా

పిల్లర్ నిజంగానే వాలుతోంది. గీత పెట్టి చూస్తే పైభాగం పన్నెండు పిక్సెళ్లు పక్కకు ఉంది. కానీ మళ్లీ తీసే వీలు లేదు. దుకాణం ముందు ఇప్పుడు పందిరి గుంజలు పాతేశారు, బోర్డు సగం కనిపించదు.

మోకా_మోహనం

నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే కదా. కెమెరా ఎలా కదిలిందన్న ప్రశ్నే మోకాకు అక్కర్లేదు. ఈ ఫ్రేములో ఈ తలం ఇక్కడుంది, తర్వాతి ఫ్రేములో అక్కడుంది, అంతే దాని లోకం. ఫోన్ కత్తిరించిందా, సాగదీసిందా అన్నది దానికి అనవసరం. స్టెబిలైజ్ అయిన ఫుటేజ్‌లో ఒక్క బోర్డు మీద పేరు పెట్టాలంటే కెమెరా ట్రాకర్‌తో కుస్తీ పట్టడం వృథా.

కృష్ణానగర్_కంపోజిటర్

ఈ ఫుటేజ్ వరకు మోహనం గారి మాట సరైనదే. నేను కెమెరా ట్రాక్ వైపు మొగ్గడానికి కారణం, యజమాని రేపు వచ్చి గుమ్మం మీద తోరణం, పక్కన దీపాలు కూడా పెట్టమంటాడన్న అనుభవం. ఒక్కసారి కెమెరా దొరికితే అన్నీ అందులోనే పెట్టవచ్చు, మోకాలో ప్రతి తలానికీ మళ్లీ ట్రాక్ చేయాలి. ఒక్క పేరే కావాలంటే మోకా చేయండి. అయితే రెండు జాగ్రత్తలు.

మొదటి ఫ్రేము నుంచి కాక చివరి ఫ్రేము నుంచి వెనక్కి ట్రాక్ చేయండి. చివర్లో బోర్డు తెరలో సగం ఉంటుంది, అంచులు స్పష్టంగా ఉంటాయి. పెద్దదాన్ని చూసి చిన్నదాన్ని గుర్తుపట్టడం దానికి సులువు, చిన్న మరకను చూసి పెద్ద బోర్డును ఊహించడం కష్టం. రెండోది ఆటో. ఆటో బోర్డుకు అడ్డం వచ్చే ఫ్రేముల్లో ఆటో చుట్టూ ఇంకొక ఆకారం గీసి, ఆ లేయర్‌ను బోర్డు లేయర్‌కు పైన ఉంచి, ముందు దాన్ని ట్రాక్ చేయండి. పైనున్న లేయర్ కప్పిన భాగాన్ని కింది లేయర్ పట్టించుకోదు.

మోకా_మోహనం

ఇంకొకటి నేను కలుపుతాను. బోర్డు చిన్నగా కనిపించే మొదటి మూడు సెకన్లలో `Perspective` టిక్ తీసేయండి. అంత చిన్న ఆకారంలో వంపును పట్టాలని చూస్తే నాలుగు మూలలూ నాలుగు వైపులకు ఈదుతాయి. దగ్గరికి వచ్చాక పెట్టుకోండి. ఎగుమతి చేసేటప్పుడు కార్నర్ పిన్‌లో మోషన్ బ్లర్‌కు వీలున్న రకాన్ని ఎంచుకోండి.

కృష్ణానగర్_కంపోజిటర్

మధ్యలో టిక్ మారిస్తే ఆ ఫ్రేము దగ్గర చిన్న కుదుపు వస్తుంది, నేను అలా చేయను. మొత్తానికీ పెట్టి, అవసరమైన చోట చేత్తో సరిదిద్దడమే నయం.

మోకా_మోహనం

ఆటో అడ్డం ఉన్న ఫ్రేములోనే మారిస్తే ఆ కుదుపు ఎవరికి కనిపిస్తుంది?

ఫ్లెక్సీ_బాబాయ్

ఇన్నాళ్లకు ఆటో ఎవరికో ఉపయోగపడింది.

పెళ్లిపందిరి_ఫొటోస్

అడగడం మరిచాను. పేరును బోర్డు మీద కాక ఆ ఆటో వెనక పెట్టాలంటే? మా కస్టమర్ ఒకాయనకు తన బండి వెనక పెళ్లి తేదీ కావాలట.

మోకా_మోహనం

దానికి మోకానే. వస్తువే కదులుతున్నప్పుడు కెమెరా ఎలా కదిలిందో తెలిసినా లాభం లేదు. బండి వెనక భాగం చదునుగా ఉంటే కార్నర్ పిన్ సరిపోతుంది, వంపు తిరిగిన డిక్కీ అయితే తేదీని చదునైన చోట నంబరు ప్లేటు పైన చిన్నదిగా పెట్టమని ఒప్పించండి.

దిల్‌సుఖ్_వీడియోవాలా

రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. చివరి ఫ్రేము నుంచి వెనక్కి వెళ్లాను. గోడ అంచు కొంచెం కూడా లోపలికి రాకుండా ఆకారం గీస్తే ట్రాక్ తేలిపోయింది, మోహనం గారు చెప్పినట్టు అంచుకు వేలెడు బయటగా గీస్తే పట్టుకుంది. ఆటో లేయర్‌ను పైన పెట్టాను. టిక్ మార్చే పనిని ఆటో మాటునే చేశాను, కంపోజిటర్ గారు మన్నించాలి. అక్షరాలు ఆటో మీదుగా కనిపించకుండా అదే ఆకారాన్ని మాస్క్‌గా వాడుకున్నాను.

జారుడు లేదు, అడుగుల ఊగులాట లేదు. కానీ 318వ ఫ్రేము నుంచి 340 దాకా, కుడివైపు పై మూల మాత్రం పైకి లేచి మళ్లీ దిగుతోంది. బోర్డు కుడి అంచు అప్పటికి తెర బయటికి వెళ్లిపోతుంది. పైగా మోషన్ బ్లర్ వేశాక పేరు బోర్డు కంటే మసకగా కనిపిస్తోంది.

కృష్ణానగర్_కంపోజిటర్

మూల తెర బయటికి వెళ్లాక మోకా దాన్ని ఊహిస్తోంది, చూడటం లేదు. ఆ ఇరవై మూడు ఫ్రేములకు మళ్లీ ట్రాక్ చేయకండి. `Adjust Track`లో 318, 326, 334, 340 దగ్గర ఆ ఒక్క మూలను చేత్తో లాగండి. ఎంత లాగాలో తెలియడానికి బోర్డు పైఅంచును చూడండి. కనిపిస్తున్న భాగంలో ఆ అంచు ఎటు పోతోందో, మీ పేరు పైగీత దానికి సమాంతరంగా అటే పోవాలి.

మసక సంగతి సులువు. ఎండ వెలుతురులో ఫోన్ షట్టర్‌ను చాలా వేగంగా పెడుతుంది. 500లో ఒక వంతు సెకను అనుకుంటే 30 ఫ్రేముల వీడియోలో అది దాదాపు 22 డిగ్రీల షట్టర్ కోణం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మామూలుగా 180 డిగ్రీలు వేస్తుంది, అంటే ఎనిమిది రెట్లు ఎక్కువ మసక. కంపోజిషన్ సెట్టింగుల్లో `Shutter Angle` 22కు దించండి, లేదా దాదాపు కనిపించదు కాబట్టి తీసేయండి. ఆ తర్వాత పేరుకు కొంచెం గ్రెయిన్ వేసి, తెలుపును బోర్డు తెలుపుకంటే కొద్దిగా తక్కువగా ఉంచండి.

దిల్‌సుఖ్_వీడియోవాలా

నాలుగు ఫ్రేముల దగ్గర లాగాను, 334 దగ్గర మాత్రం రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది. షట్టర్ కోణం 22 పెట్టాను. ఇప్పుడు పేరూ బోర్డూ ఒకే వెలుతురులో ఉన్నట్టు ఉన్నాయి. 331, 332 ఫ్రేముల్లో ఒక సన్నటి వణుకు ఇంకా ఉంది, కానీ ఫోన్‌లో చూస్తే నాకే దొరకడం లేదు.

వీడియోను యజమానికి పంపాను. పేరు గురించి ఒక్క మాట అనలేదు. గుమ్మానికి మామిడి తోరణం పెట్టగలరా అని అడిగారు.

కృష్ణానగర్_కంపోజిటర్

మీరు ఆ 1.3 వచ్చిన కెమెరా ట్రాక్‌ను తుడిచేయలేదు కదా?

దిల్‌సుఖ్_వీడియోవాలా

తుడిచేయలేదు. కానీ తోరణం కూడా అడుగు అడుగుకూ ఊగితే?

మోకా_మోహనం

తోరణం గాలికి ఊగుతుంది కదండీ, ఎవరూ అడగరు.